బ్రీ చీజ్‌తో రెడ్ వైన్ చేదెక్కడం ఎందుకు, బీర్ కుదరడం ఎందుకు

ప్రశ్న: స్నేహితులు వస్తున్నారని మంచి కాబర్నే సొవిన్యాన్ రెడ్ వైన్ సీసా తెచ్చాను. తోడుగా బ్రీ, చెడ్డార్, ఒక బ్లూ చీజ్ పెట్టాను. బ్రీ తిని వైన్ తాగితే నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టుగా అయింది. బ్లూ చీజ్‌తో ఇంకా ఘోరం. వైన్ చెడిపోయిందా, చీజ్ చెడిపోయిందా? ఇలాంటి వాటికి బీరే మేలని ఒక స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? నిజమైతే దేనికి ఏ బీర్?

సమాధానం:

రెండూ బాగానే ఉన్నాయి. వాటికి ఒకదానితో ఒకటి పడలేదు, అంతే. చీజ్ పళ్లెం పక్కన రెడ్ వైన్ సీసా ఉండాలన్నది బాగా పాతుకుపోయిన అలవాటు. కానీ మెత్తటి చీజ్‌లకు వగరు ఎక్కువున్న రెడ్ వైన్ కంటే గడ్డు జోడీ దొరకడం కష్టం. మీ స్నేహితుడి మాటలో నిజముంది. అయితే చేతికందిన బీర్ ఏదో ఒకటి తెచ్చుకుంటే అదే చేదు మళ్లీ ఎదురవుతుంది. అందుకని ముందు ఆ చేదు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

రెడ్ వైన్‌ను ద్రాక్ష తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు. వాటిలోని టానిన్లు వైన్‌లోకి దిగుతాయి, ఓక్ పీపాలో నిల్వ చేస్తే ఇంకొంత చేరుతుంది. వైట్ వైన్‌కు రసం పిండి తొక్కలను ముందే తీసేస్తారు కాబట్టి ఈ బెడద చాలా తక్కువ. టానిన్ పని వగరు పుట్టించడం. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. టానిన్ వాటికి అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. నోరు పిడచకట్టుకుపోయినట్టు అనిపించడం అందుకే. కాల్చిన మాంసంతో కాబర్నే అంత బాగా కుదరడానికీ ఇదే కారణం. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు ఆ టానిన్‌లో కొంత భాగాన్ని తమవైపు లాక్కుంటాయి, మన నోటికి మిగిలే వగరు తగ్గుతుంది. చీజ్‌లో కూడా ప్రొటీన్, కొవ్వు ఉన్నాయి కదా, అక్కడా ఇలాగే జరగాలి అనుకుంటాం. పండిన గట్టి చీజ్‌ల విషయంలో చాలావరకు అలాగే జరుగుతుంది. చిక్కు బ్రీ, కమంబేర్ లాంటి తెల్ల బూజు చీజ్‌లతో.

బ్రీ పైన కనిపించే తెల్లటి మెత్తని పొర పెనిసిలియం కమంబెర్టీ అనే బూజు. చీజ్ కొత్తగా చేసినప్పుడు పుల్లగా, సుద్దముక్కలా పెళుసుగా ఉంటుంది. పీహెచ్ 4.6 దరిదాపుల్లో ఉంటుంది. బూజు పెరుగుతూ ఉపరితలంలోని లాక్టిక్ ఆమ్లాన్ని తినేస్తుంది, ప్రొటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది, ఆ క్రమంలో అమోనియాను వదులుతుంది. దాంతో పైపొర దగ్గర పులుపు చచ్చిపోయి పీహెచ్ 7 దాకా ఎక్కుతుంది. ఈ మార్పు బయటి నుంచి లోపలికి నెమ్మదిగా పాకుతుంది. ముక్క కోసి అడ్డంగా చూడండి. అంచుల దగ్గర పసుపు రంగులో జారిపోతున్నట్టు ఉండి, నడుమ తెల్లటి గట్టి చార కనిపిస్తే అది సగం పండినది. చార లేకుండా అంతా జారుడుగా ఉంటే పూర్తిగా పండింది. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఘాటు కొడితే ఈడు దాటింది.

ఇప్పుడు మీ నోట్లో ఏం జరిగిందో ఊహించుకోండి. ప్రొటీన్ విరిగిన ముక్కల్లో కొన్ని సహజంగానే చేదు, అవి పైపొరలో ఎక్కువ. అమోనియా ఛాయ కూడా అక్కడే. మామూలుగా తిన్నప్పుడు కొవ్వు, ఉప్పు వీటిని కప్పి ఉంచుతాయి కాబట్టి పుట్టగొడుగుల వాసన తప్ప మరేమీ తెలియదు. వెనకాలే కాబర్నే వచ్చిందంటే, పులుపు తక్కువగా ఉన్న ఆ చీజ్ వైన్‌లోని పండు రుచిని అణగదొక్కేస్తుంది. పండు వెనక్కి పోయాక వైన్‌లో మిగిలేవి వగరు, ఆల్కహాల్ మంట. ఆ వగరుకు పైపొర చేదు తోడవుతుంది. మీరు చెప్పిన ఇనుము రుచి అదే.

నమ్మకం కలగకపోతే అయిదు నిమిషాల పరీక్ష ఒకటుంది. బ్రీ ముక్క తీసుకుని పైపొరను పూర్తిగా చెక్కేయండి. లోపలి మెత్తటి భాగం మాత్రమే తిని ఒక గుక్క కాబర్నే తాగండి. గొప్పగా ఉండదు కానీ ఫరవాలేదనిపిస్తుంది. నీళ్లతో నోరు కడుక్కుని, ఈసారి చెక్కిన పైపొరను మాత్రమే నమిలి అదే వైన్ తాగండి. చేదు ఎవరిదో మీకే తెలిసిపోతుంది. మీ సీసాలో ఇంకా వైన్ మిగిలి ఉంటే దానికి ఏడాదికి పైగా పండిన గౌడా లాంటి గట్టి చీజ్ వెతకండి. దానికి బూజు పొర ఉండదు, నీరు తక్కువ, కొవ్వూ ప్రొటీనూ చిక్కగా ఉంటాయి, తీపి ఛాయ కూడా ఉంటుంది. టానిన్‌ను అది మోయగలదు.

చీజ్ వైన్‌లోని పండు రుచిని అణగదొక్కుతుందన్నది నా నోటి మాట మాత్రమే కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో బెర్నిస్ మద్రిగాల్ గలాన్, హిల్డెగార్డ్ హేమన్ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిది రెడ్ వైన్లు, ఎనిమిది చీజ్‌లు తీసుకుని, శిక్షణ పొందిన రుచి పరీక్షకులకు చీజ్ తినిపించి వైన్ తాగించారు. చీజ్ తిన్న తర్వాత వైన్‌లోని పండు, ఓక్ లాంటి గుణాలు మందగించాయి, వెన్న వాసన మాత్రం పెరిగింది. వగరు కూడా తగ్గిందని గమనించండి. అంటే నాసి వైన్ లోపాలను కప్పిపుచ్చడానికి చీజ్ భలే పనికొస్తుంది. మంచి వైన్‌కు అదే చీజ్ అన్యాయం చేస్తుంది. ఖరీదైన సీసాను చీజ్ పళ్లెం కోసం దాచిపెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం.

ఫ్రాన్సులో 2016లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో కోణం చూపించింది. అక్కడ మామూలు వినియోగదారులకు నాలుగు వైన్లు, నాలుగు చీజ్‌లు ఇచ్చారు. చీజ్ వల్ల వైన్ మీద ఇష్టం పెరిగింది లేదా అలాగే ఉంది, పెద్దగా తగ్గలేదు. పై అధ్యయనానికి ఇది విరుద్ధమని కొందరు వాదిస్తారు. నాకు అలా అనిపించదు. ఒకరు వైన్‌లో ఏయే గుణాలు ఎంతెంత తెలుస్తున్నాయో కొలిచారు, మరొకరు తాగేవారి ఇష్టాన్ని కొలిచారు. వగరు తగ్గితే చాలామందికి సంతోషమే. పైగా ఆ నాలుగు వైన్లలో రెండు వైట్ వైన్లు, అందులో ఒకటి తియ్యనిది.

ఇక బీర్ సంగతి. బీర్ కుదరడానికి మొదటి కారణం అందులో ఏమి లేదో అదే. బార్లీ పొట్టు నుంచి, చేదు కోసం బీర్‌లో వేసే హాప్స్ అనే పువ్వుల నుంచి కొద్దిపాటి టానిన్ వస్తుంది కానీ రెడ్ వైన్‌తో పోలిస్తే అది లెక్కలోకి రాదు. పులుపు కూడా తక్కువే. వైన్ పీహెచ్ సాధారణంగా 3 నుంచి 3.8 మధ్య ఉంటే బీర్‌ది 4 నుంచి 4.5 వరకు ఉంటుంది, అంటే చీజ్‌కు దగ్గరగా. ఆల్కహాల్ చూస్తే మామూలు బీర్‌లో 5 శాతం, కాబర్నేలో 13, 14. ఒకదాన్నొకటి తోసేసుకునే గుణాలు తక్కువ కాబట్టి గొడవా తక్కువే.

రెండోది బుడగలు. ఈ విషయంలో కాస్త ఆగాలి, ఎందుకంటే బీర్ గెలిచేది ఎక్కువగా ఇక్కడే. బ్రీలో దాదాపు 28 శాతం కొవ్వు ఉంటుంది. పాలకొవ్వు మన నోటి వేడికి కరిగి నాలుక మీద, అంగిలి మీద పలచని పూతగా పరుచుకుంటుంది. మొదటి ముక్క కమ్మగా ఉండి, నాలుగో ముక్కకు ఏ రుచీ తెలియకుండా పోవడానికి కారణం ఈ పూతే. మామూలు లాగర్ బీర్‌లో లీటరుకు సుమారు 5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, గోధుమ బీర్లలో ఇంకా ఎక్కువ. ఆ వాయువు నోట్లో బుడగలై పొంగినప్పుడు జిడ్డు పూతను కదిలిస్తుంది, గుక్కతో పాటు అది దిగిపోతుంది. అంతేకాదు, నాలుక మీద పులుపును పసిగట్టే కణాలకు అంటిపెట్టుకుని ఒక ఎంజైము ఉంటుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడికక్కడే ఆమ్లంగా మారుస్తుంది. ఈ సంగతి 2009లో బయటపడింది. కాబట్టి బీర్‌లో పులుపు తక్కువగా ఉన్నా బుడగల వల్ల చురుకైన పులుపు ఛాయ తగులుతుంది, కొవ్వు మొహం మొత్తకుండా అది కాపాడుతుంది. నురగ కక్కే వైన్ల విషయంలోనూ ఇదే సూత్రం. వైన్ తప్ప మరేమీ ముట్టని వారికి బ్రీ పెట్టాల్సి వస్తే షాంపేన్ తరహా వైన్ ఇవ్వండి. కాబర్నే కంటే వెయ్యి రెట్లు నయం.

మూడోది ధాన్యం. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, వేడి చేస్తే మాల్ట్ అవుతుంది. వేడి ఎంత పెంచితే అంత రంగు, అంత రుచి. రొట్టె పైపొర, బిస్కెట్, పంచదార పాకం, కాఫీ, ఇవన్నీ ఆ కాలుపులోంచి వచ్చేవే. పండిన గౌడాలో, చెడ్డార్‌లో వేయించిన పప్పుల వాసన, పాకం వాసన మీరు గమనించే ఉంటారు. ఆ రుచులు బీర్‌లోనూ ఉండటం వల్ల ఒకటి ముగిసిన చోట రెండోది అందుకుంటుంది. చీజ్‌కూ రొట్టెకూ ఎప్పటి నుంచో పొత్తు ఉండనే ఉంది. ధాన్యం, ఈస్ట్ ఉన్న బీర్ ఆ పొత్తులోకి తేలిగ్గా చేరిపోతుంది. ద్రాక్షకు అటువంటి బంధుత్వం తక్కువ.

హాప్స్ చేదు మాట వేరు. అది మేలు చేయగలదు, కీడూ చేయగలదు. ఉప్పు చేదును అణుస్తుందన్నది రుచి శాస్త్రంలో బాగా నిలబడిన విషయం. అందుకే ఉప్పగా, గట్టిగా ఉన్న చెడ్డార్‌తో చేదు బీర్ తాగితే ఆ చేదు మెత్తబడి హాప్స్‌లోని నారింజ తొక్క వాసన పైకి తేలుతుంది. అదే బీర్‌ను పండిన బ్రీతో తాగితే హాప్స్ చేదు, పైపొర చేదు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. టానిన్ లేకపోయినా మీరు కాబర్నేతో పడ్డ అవస్థే మళ్లీ పడతారు. బీర్‌కు మారిపోయి, హాప్స్ చేదు దండిగా ఉండే ఐపీఏ రకం తెచ్చుకుని, బ్రీతో తాగి, ఇదీ బాగాలేదని పెదవి విరిచినవారిని చాలామందిని చూశాను. సీసా మీద ఐబీయూ అనే అంకె ఉంటే చూడండి, అది చేదు కొలత. జర్మన్ తరహా గోధుమ బీర్లు 8 నుంచి 15 మధ్య ఉంటాయి, ఐపీఏలు 40 నుంచి 70 దాకా పోతాయి. ఆ అంకె లేకపోయినా మాల్ట్ తీపి ఎక్కువైన బీరా, హాప్స్ చేదు ఎక్కువైన బీరా అని అమ్మేవారిని అడిగితే చాలు.

ఇక మీ పళ్లెమే తీసుకుందాం, అవే మూడు చీజ్‌లతో.

బ్రీకి గోధుమ బీర్. జర్మన్ హెఫెవైజెన్ గానీ, బెల్జియన్ తరహా తెల్ల గోధుమ బీర్ గానీ సరిపోతుంది. చేదు నామమాత్రం, బుడగలు పుష్కలం. జర్మన్ రకంలో ఈస్ట్ వల్ల అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. పైపొరలోని పుట్టగొడుగు వాసనకు లవంగం ఘాటు చక్కగా తోడవుతుంది. తినే తీరు కూడా ముఖ్యం. పైపొరా లోపలి భాగం రెండూ వచ్చేలా ముక్క కోసి, అది నోట్లో పూర్తిగా కరిగేదాకా నమిలి, ఇంకా పూత ఉండగానే ఒక చిన్న గుక్క తాగండి. మింగేశాక తాగితే రెండు రుచులు విడివిడిగా వస్తాయి, కలవవు. కుదిరిందో లేదో తెలియడానికి తాగిన పది సెకన్ల తర్వాత నోరు ఎలా ఉందో గమనించండి. శుభ్రంగా ఉండి వెన్న రుచి పలచగా మిగిలితే కుదిరినట్టు. నాలుక వెనక చేదు నిలిస్తే చీజ్ ఈడు దాటి ఉండాలి, లేదా బీర్‌లో చేదు ఎక్కువై ఉండాలి. ఏది అన్నది తేల్చడానికి పైపొర తీసేసి మరోసారి చూడండి.

బ్రీ పూర్తిగా ముదిరి అమోనియా ఘాటు కొడుతుంటే మాత్రం ఏ బీరూ దాన్ని కాపాడలేదు. కాగితం విప్పి ఓ అరగంట గాలికి ఉంచితే పైపైన పేరుకున్న ఘాటు పోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే పైపొర తీసి లోపలిది తినడమే.

చెడ్డార్‌కు మీకు ఎంపిక ఎక్కువ. ఏడాది దాటిన, కొంచెం పొడిపొడిగా రాలే రకమైతే ఇంగ్లిష్ తరహా పేల్ ఏల్ బీర్ గానీ బ్రౌన్ ఏల్ బీర్ గానీ తీసుకోండి. బ్రౌన్ ఏల్‌లోని వేయించిన పప్పుల రుచి చెడ్డార్‌లోని అదే రుచిని పట్టుకుంటుంది, ఏ మాత్రం తెలివితేటలు అవసరం లేని జత. ఐపీఏ మీద మనసుంటే దాన్ని ఖర్చు చేయాల్సింది ఇక్కడే. చెడ్డార్‌లో సుమారు 1.8 శాతం ఉప్పు ఉంటుంది, పులుపూ ఉంటుంది, చేదును నిలబెట్టి తట్టుకోగలదు. ప్లాస్టిక్ పొరల్లో చుట్టి అమ్మే రబ్బరు లాంటి లేత చెడ్డార్‌కు మామూలు లాగర్ చాలు. దాని ముందు ఐపీఏ పెడితే చీజ్ ఉన్న జాడ కూడా తెలియదు.

బ్లూ చీజ్ విషయంలో మీకు అంత ఘోరంగా ఎందుకు అనిపించిందో చూడండి. రోక్‌ఫోర్ట్ లాంటి వాటిలో ఉప్పు చెడ్డార్‌కు దాదాపు రెట్టింపు. నీలి బూజు కొవ్వును విరగ్గొట్టి మిథైల్ కీటోన్లు అనే ఘాటైన వాసన పదార్థాలను పుట్టిస్తుంది, మిరియాల్లా నాలుకను గిల్లేది ఆ కొవ్వు విరుగుడే. ఇంత ఉప్పు, ఇంత ఘాటు ముందు తీపి బొత్తిగా లేని వైన్ నిలబడలేదు. పండు మాయమై వగరు మాత్రం మిగిలింది. ఇక్కడ కావలసింది తీపి, అదీ బలమున్న తీపి. బీర్లలో ఇంపీరియల్ స్టౌట్ గానీ బార్లీ వైన్ గానీ ఆ పని చేస్తాయి. పేరులో వైన్ ఉన్నా బార్లీ వైన్ కూడా బీరే. 8 నుంచి 12 శాతం దాకా ఆల్కహాల్, పులియగా మిగిలిన మాల్ట్ తీపి, ఎండుద్రాక్ష, పాకం రుచులు ఉంటాయి. ఇవి దొరక్కపోతే జర్మన్ డాపెల్‌బాక్ వెతకండి. బలంగా ఉంటుంది, చేదు తక్కువ, రొట్టె పైపొర లాంటి తీపి. మామూలు లాగర్ మాత్రం బ్లూ చీజ్ ముందు నీళ్లయిపోతుంది. అందరికీ తెలిసిన లాగర్ తెచ్చుకుని బీర్ ఏ చీజ్‌కైనా సరిపోతుందనుకుంటే మీ పళ్లెంలో మూడో వంతు వృథా.

మీరు పెట్టలేదు కానీ బీర్ తిరుగులేకుండా గెలిచే చీజ్ రకం ఇంకొకటుంది, ఉప్పునీటితో గానీ మద్యంతో గానీ పైపొరను తుడుస్తూ పండించేవి. నారింజ రంగులో, జిగురుగా, దుర్వాసనే అనిపించే ఘాటుతో ఉంటాయి. బెల్జియంలో స్కూర్మోన్ మఠం సన్యాసులు 1862లో బీర్ కాచడం, 1876లో చీజ్ చేయడం మొదలుపెట్టారు. రెండింటినీ షిమే పేరుతోనే అమ్ముతారు. ఆ చీజ్‌లలో ఒకదాని పైపొరను వాళ్ల బీర్‌తోనే కడుగుతారు. అటువంటి చీజ్ ఘాటుగా ముక్కుకు తగిలినా నోట్లో మాంసపు రసంలా కమ్మగా ఉంటుంది. ముదురు గోధుమ రంగు బెల్జియన్ ఏల్ దానికి సరిజోడు. టానిన్ ఎక్కువున్న రెడ్ వైన్‌ను దాని దరిదాపులకు రానివ్వకండి.

చల్లదనం గురించి చెప్పకపోతే పైన రాసినదంతా వ్యర్థం. ఫ్రిజ్‌లోంచి తీసిన బీర్‌ను వెంటనే చీజ్‌తో తాగితే పాలకొవ్వు అంగిలి మీద గడ్డకట్టి మైనం అంటుకున్నట్టు అవుతుంది. బుడగలకు అది లొంగదు. పైగా అంత చల్లగా ఉంటే మాల్ట్ వాసనలు తెలియవు, చేదు, బుడగల గిల్లుడు మాత్రమే తెలుస్తాయి. గోధుమ బీర్‌ను 7, 8 డిగ్రీల దగ్గర, ఏల్‌ను 10 దగ్గర, స్టౌట్, బార్లీ వైన్‌లను 12, 13 దగ్గర తాగండి. థర్మామీటరు అక్కర్లేదు. గోధుమ బీర్‌ను పది నిమిషాల ముందు, బలమైన వాటిని అరగంటకు పైగా ముందు బయట పెట్టండి. చీజ్‌ను కనీసం ముప్పావు గంట ముందు తీసి, ఎండిపోకుండా కాగితంలోనే ఉంచి, తినే ముందు విప్పండి. వైన్‌లో ఇదే తప్పు తిరగబడి జరుగుతుంది. గది వేడి అంటే ఇరవై ఎనిమిది డిగ్రీలనుకుని రెడ్ వైన్‌ను బల్ల మీద వదిలేస్తారు. అంత వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి ఎక్కుతుంది. మీ కాబర్నే కూడా అలా ఉండి ఉంటే చేదుకు మంట తోడైంది. 16 నుంచి 18 డిగ్రీలు దానికి చాలు.

బీర్‌ను గ్లాసులో పోయండి, డబ్బాలోంచి తాగితే వాసన అందదు. ఒక్కో చీజ్‌కు ఒక్కొక్కరికి 100 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది, చీజ్ 25, 30 గ్రాములు. అంతకు మించితే బీర్‌తో కడుపు నిండిపోతుంది. వైన్‌కు లేని ఇబ్బంది ఇది, బీర్ పక్షాన ఎంత మాట్లాడినా ఒప్పుకోక తప్పదు. వరస లేతవాటి నుంచి ఘాటైనవాటి వైపు, అంటే మీకు బ్రీ, చెడ్డార్, బ్లూ. బ్లూ చీజ్ తిన్నాక వెనక్కి వచ్చి బ్రీ తింటే అట్టముక్క తిన్నట్టుంటుంది. నడుమ నోరు కడుక్కోవడానికి నీళ్లు, ఉప్పు లేని రొట్టె ముక్క చాలు. ఉప్పు బిస్కెట్లు వద్దు, వాటి ఉప్పు అన్ని లెక్కలనూ తారుమారు చేస్తుంది.

పళ్లెం మొత్తానికి ఒకే సీసా తెరవాల్సి వస్తే ఏం చేయాలని అడుగుతారు కొందరు. చాలామంది ఇక్కడే రెడ్ వైన్ తెచ్చి ఇరుక్కుంటారు. నేనైతే బెల్జియన్ తరహా లేత రంగు ఏల్ తీసుకుంటాను. 7, 8 శాతం ఆల్కహాల్, గట్టి బుడగలు, చేదు మితంగా, చివర్లో కొంచెం తీపి భావన. బ్రీతో నెగ్గుకొస్తుంది, చెడ్డార్‌తో బాగుంటుంది, బ్లూ చీజ్ ముందు కొంచెం తగ్గినా పరువు పోగొట్టుకోదు. వైనే కావాలంటే కొద్దిపాటి తీపి ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్. అందులో వగరు లేదు, పులుపు జిడ్డును కోస్తుంది, తీపి ఉప్పును సర్దుకుంటుంది.

చివరగా, బీర్ ఓడిపోయే చోట్లు. బ్లూ చీజ్‌కు బార్లీ వైన్ మంచి జోడీ అన్నాను కానీ, రోక్‌ఫోర్ట్ పక్కన సొతెర్న్ తీపి వైన్ పెట్టారంటే నేను బార్లీ వైన్ పక్కన పెట్టేస్తాను. ఆ తేనె తీపికి తోడు వైన్‌లో ఉన్న పదునైన పులుపు బీర్‌లో లేదు, అది లేకే బార్లీ వైన్ నాలుగో ముక్కకు బరువెక్కుతుంది. స్టిల్టన్ అనే ఇంగ్లిష్ బ్లూ చీజ్‌తో పోర్ట్ అనే తీపి వైన్ కూడా అలాంటిదే. పోర్ట్‌లో టానిన్ ఉన్నా తీపి దాన్ని కప్పేస్తుంది. తాజా మేక చీజ్‌ల విషయంలో కూడా వైన్‌దే పైచేయి. లువార్ నదీ తీరంలో చేసే క్రొత్తాన్ ద షవిన్యోల్‌కు ఆ ఊళ్ల చుట్టుపక్కలే పండే సాన్సేర్, అంటే సొవిన్యాన్ బ్లాంక్ వైన్. చీజ్‌లో పులుపు ఎక్కువ, వైన్‌లో అంతకంటే ఎక్కువ. అందుకే ఒకదాని ముందు ఒకటి చప్పబడదు. గోధుమ బీర్ అక్కడ బాగానే ఉంటుంది కానీ కొంచెం మెత్తగా అనిపిస్తుంది. జురా కొండల్లో చేసే కోంతే అనే గట్టి చీజ్‌కు అక్కడి వాఁ జోన్ వైన్‌ను మించినది నేను రుచి చూడలేదు. పీపాలో ఆరేళ్లకు పైగా ఈస్ట్ పొర కింద ఉంచి తీసే ఆ వైట్ వైన్‌కు వేయించిన అక్రోట్ల వాసన ఉంటుంది, కోంతేకూ అదే వాసన. కానీ అది దొరకడం కష్టం, ఖరీదు కూడా. దొరక్కపోతే కోంతేకు బ్రౌన్ ఏల్ పెట్టుకోండి, పెద్ద లోటేమీ తెలియదు.